‘ఇంకా మాట్లాడాలి’ అని రాయడం మానేశాక: ఒక నాలుగో తరగతి పాప ప్రోగ్రెస్ కార్డుపై కేస్ స్టడీ

విశాఖపట్నంలోని ఒక ఇంగ్లిషు మీడియం బడిలో నాలుగో తరగతి క్లాస్ టీచరుగా పనిచేస్తున్నప్పుడు ఎదురైన ఒక పాప విషయాన్ని ఇక్కడ రాస్తున్నాను. పాప పేరు, బడి పేరు, ఏ సంవత్సరమన్నది చెప్పడం లేదు. కుటుంబాన్ని గుర్తుపట్టగలిగే వివరాలను కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. కార్డు మీద నేను రాసిన మాటలు, పాప నోటుపుస్తకంలోని లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసు మొత్తం వాటి చుట్టూనే తిరుగుతుంది.

నేపథ్యం

తరగతిలో ముప్పై నలుగురు పిల్లలు ఉండేవారు. పాపకు తొమ్మిదేళ్లు. జూన్‌లో బడి తెరిచిన దగ్గర నుంచి సెప్టెంబరు దాకా ఆ పాప తరగతిలో తనంతట తాను చెయ్యెత్తి మాట్లాడటం నేను ఒక్కసారి కూడా చూడలేదు. హాజరు పిలిచినప్పుడు పెదవులు కదిలేవి, మాట వినిపించేది కాదు. నోటుపుస్తకం మాత్రం ఎవరు చూసినా ముచ్చట పడేలా ఉండేది. మార్జిను గీసి, తేదీ వేసి, ప్రశ్నను పూర్తిగా రాసుకున్న తర్వాతే జవాబు మొదలుపెట్టేది.

ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అమ్మ ఏడో తరగతి వరకు చదువుకున్నారు, నాన్న చదివింది పదో తరగతి. కార్డు మీద వ్యాఖ్యలు అంతకుముందు మూడేళ్లూ ఇంగ్లిషులోనే ఉన్నాయి. వాటిని చదివి అమ్మకు చెప్పే పని పెద్దబ్బాయిది. మూడు కార్డుల్లోనూ దాదాపు ఒకే మాట ఉంది: గుడ్ గర్ల్, వెరీ క్వయిట్, నీడ్స్ టు ఇంప్రూవ్ కమ్యూనికేషన్. అన్నయ్య దాన్ని ఇంట్లో ఎలా చెప్పేవాడో తర్వాత తెలిసింది. ‘చెల్లి బడిలో మాట్లాడటం లేదని టీచరు కంప్లైంట్ రాసింది’ అని చెప్పేవాడట.

మా బడిలో అప్పట్లో ప్రతి ఎఫ్ఏకు, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంటుకు, యాభై మార్కులు ఉండేవి. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు పది, రాత అంశాలకు పది, ప్రాజెక్టు పనికి పది, స్లిప్ టెస్టుకు ఇరవై. పాపకు రాత అంశాల్లో తొమ్మిదో పదో వచ్చేవి. భాగస్వామ్యంలో నేను వేసినవి నాలుగు. ఆ నాలుగు ఎందుకు వేశానని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే ‘నోరు విప్పదు కదా’ అనే చెప్పి ఉండేదాన్ని.

ఎదురైన సమస్య

దసరా సెలవులకు ముందు ఇచ్చే కార్డులో నేను కూడా పాత దారిలోనే, కాకపోతే తెలుగులో, ఇలా రాశాను: ‘మంచి క్రమశిక్షణ గల పాప. చేతిరాత చక్కగా ఉంటుంది. కానీ తరగతిలో ఇంకా మాట్లాడాలి.’

సెలవుల తర్వాత వాళ్ళమ్మ బడికి వచ్చారు. కోపంతో రాలేదు, భయపడుతూ వచ్చారు. ‘మా పాప ఏటి తప్పు చేసింది మేడమ్? ఇంటికాడ గలగలా మాట్లాడతాది. మీరు ఇలా రాశారని వాళ్ళ నాన్న పండక్కి వచ్చిన చుట్టాల ముందు నిలబెట్టి పద్యం చెప్పమన్నారు. అది వంటింట్లోకి ఎల్లిపోయి తలుపు వెనకాల కూచుంది’ అన్నారు.

నేను రాసిన మూడు వాక్యాలు ఇంటికి వెళ్ళి ఏం చేశాయో నాకు ఆ క్షణంలో అర్థమైంది. మొదటి రెండు వాక్యాలను ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ‘కానీ’ అన్న మాట తర్వాత ఉన్నదే చదివారు. అందులోనూ ఏం చేయాలో లేదు కాబట్టి వాళ్ళకు తోచింది వాళ్ళు చేశారు. ‘ఇంకా మాట్లాడాలి’ అన్నది నేను గమనించిన విషయం కాదు, పాప వేయగలిగే తర్వాతి అడుగూ కాదు. ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు, దేని గురించి, ఎంత మాట్లాడితే చాలు అన్నవేవీ అందులో లేవు. తల్లిదండ్రులు దాన్ని పాప స్వభావం మీద వచ్చిన ఫిర్యాదుగా తీసుకోవడంలో వాళ్ళ పొరపాటు ఏమీ లేదు.

ఆ రోజు మాటల్లోనే అమ్మ మరో సంగతి చెప్పారు. రెండో తరగతిలో పాప ‘ఏటండీ’ అన్నందుకు పిల్లలు కొన్నాళ్ళు అదే మాటతో ఏడిపించారట. మౌనానికి కారణం అదేనా అంటే నేను చెప్పలేను. కారణం తెలిసినట్టు అనిపించినా దాన్ని కార్డులో రాయకూడదని మాత్రం అప్పుడే అనుకున్నాను. కార్డు ఇంట్లో ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటుంది. అందులో పాప చేసిన పని ఉండాలి తప్ప, పాప ఎందుకిలా ఉందన్న మా ఊహలు ఉండకూడదు.

ముందుగా చూసుకోవలసిన రెండు విషయాలు

వ్యాఖ్య మార్చే ముందు, ఇది టీచరు చేతిలో ఉన్న విషయమేనా కాదా అన్నది తేల్చుకోవాలి. మొదటిది వినికిడి. పాప నా వైపు చూడకుండా రాసుకుంటున్నప్పుడు వెనక నుంచి మామూలు గొంతుతో రెండు మూడు సార్లు పని చెప్పి చూశాను. ప్రతిసారీ సరిగ్గా చేసింది. ఇది వైద్య పరీక్ష కాదు, అనుమానం ఉంటే డాక్టరుకు చూపించాలా అని నిర్ణయించుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

రెండోది సెలెక్టివ్ మ్యూటిజం. ఇంట్లో మామూలుగా మాట్లాడే పిల్లలు బడిలాంటి చోట్ల నెలకు మించి అసలు మాట్లాడలేకపోవడాన్ని అలా అంటారు. మొండితనమనో పొగరనో దాన్ని పొరబడతారు గానీ, వైద్యులు దాన్ని ఆందోళనకు సంబంధించిన సమస్యల్లో చేర్చారు. బడిలో కొత్తగా చేరిన మొదటి నెలను మాత్రం ఈ లెక్కలోకి తీసుకోరు. ఇక్కడ నేను చూసింది మూడు విషయాలు: బడిలో ఒక్కరితోనైనా మాట్లాడుతోందా, బాత్రూముకు వెళ్ళాలన్నా అడగలేకపోతోందా, పలకరిస్తే ఒళ్ళు బిగుసుకుపోతోందా. పాప తన పక్కన కూర్చునే అమ్మాయితో భోజనాల సమయంలో, కుళాయి దగ్గర బాగానే మాట్లాడేది. నేను విడిగా అడిగితే చిన్న గొంతుతో జవాబు చెప్పేది. బాత్రూముకు వెళ్ళాలంటే లేచి వచ్చి నా కొంగు పట్టుకునేది. అందుకే ఎవరి దగ్గరికీ పంపలేదు. ఆ మూడింటికీ జవాబు వేరుగా వచ్చి ఉంటే కార్డులో ఏం రాయాలన్న ఆలోచన పక్కన పెట్టి, ముందు తల్లిదండ్రులతో కూర్చుని పిల్లల మానసిక నిపుణులకు చూపించమని చెప్పి ఉండేదాన్ని. అప్పుడు కూడా ఆ సమస్య పేరు కార్డు మీద రాసేదాన్ని కాను. ఆ మాట అనే అర్హత టీచరుకు లేదు.

చేసిన ప్రయత్నాలు, వాటిలో తప్పినవి

నవంబరులో నేను మాట్లాడించే ప్రయత్నం మొదలుపెట్టాను. ఐస్‌క్రీమ్ పుల్లల మీద పిల్లలందరి పేర్లు రాసి డబ్బాలో వేసి, ఎవరి పుల్ల వస్తే వాళ్ళను అడిగే పద్ధతి అది. ఎప్పుడూ చెయ్యెత్తే ఐదారుగురే కాకుండా అందరికీ అవకాశం వస్తుందన్నది నా ఉద్దేశం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు మెరుగుపడతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించిన సంగతి నాకు తెలుసు కాబట్టి, పాప పుల్ల వచ్చినప్పుడు ఆగాను. చాలాసేపే ఆగాను. పాప లేచి నిలబడి జడ రిబ్బను కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది. తరగతి అంతా వెనక్కి తిరిగి చూసింది. ఆలోచించుకోవడానికి సమయం కావలసిన పిల్లలకు ఆ ఆగడం మేలు చేస్తుంది. ఈ పాపకు జవాబు తెలుసు, కావలసింది సమయం కాదు. నేను ఆగిన ప్రతి సెకనూ అంతమంది తనను చూస్తూ ఉండే సెకనే అయింది.

ఆ తర్వాత రెండు వారాల పాటు పాప నోటుపుస్తకంలో ఒక మార్పు వచ్చింది. నేను దాన్ని అప్పుడు గమనించలేదు, జనవరిలో పుస్తకాన్ని వెనక్కి తిప్పి చూసినప్పుడు తెలిసింది. దాని గురించి కింద చెప్తాను.

సంక్రాంతి ముందు ఇచ్చిన కార్డులో, దసరా కార్డు చేసిన నష్టాన్ని సరిచేయాలన్న తపనతో పూర్తిగా రెండో వైపుకు వెళ్ళిపోయాను. ‘ఆణిముత్యం లాంటి పాప. పనిలో శ్రద్ధ తరగతికే ఆదర్శం. ఇలాగే కొనసాగాలి’ అని రాశాను. అమ్మ సంతోషించారు. నాన్న మాత్రం కార్డు తిప్పి స్లిప్ టెస్టు మార్కులు చూపించి, ‘ఇంత బాగుంటే లెక్కల్లో ఇరవైకి తొమ్మిదేంటి మేడమ్?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న ఈ కేసులో అసలైన మలుపు. మెత్తగా రాసిన వ్యాఖ్య పాపను ఇంట్లో కాపాడింది గానీ, పాప చదువు గురించి ఏమీ చెప్పలేదు. మొదటి కార్డు మౌనాన్ని చూసి పనిని చూడలేదు. రెండో కార్డు మౌనాన్ని వదిలేసింది, పనిని కూడా చూడలేదు. ‘శ్రద్ధ’ అన్న మాటను నేను దస్తూరీని, మార్జిన్లను చూసి రాశాను. అంత శ్రద్ధగా రాసే పిల్లకు తొమ్మిది ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. మాట్లాడే పిల్లలైతే తమకు ఏం రాదో గోల చేసి చెప్పేస్తారు. మాట్లాడని పిల్లల విషయంలో ఆ సమాచారాన్ని మనమే వెతికి తెచ్చుకోవాలి. నేను ఏడు నెలలుగా తెచ్చుకోలేదు.

పది రోజుల పరిశీలన

సంక్రాంతి సెలవులయ్యాక పది పని దినాలు ఒక చిన్న పుస్తకం జేబులో పెట్టుకుని, ఆ పాప గురించి మూడే విషయాలు రాసుకున్నాను. పని ఎలా మొదలుపెడుతోంది, ఎక్కడైనా ఆగిపోతే ఏం చేస్తోంది, రోజులో ఎవరితో మాట్లాడుతోంది. ముప్పై నలుగురి మధ్య అంతకంటే ఎక్కువ రాసుకోవడం కుదరదు. రోజుకు ఒకటి రెండు వాక్యాలే వచ్చాయి, అవే సరిపోయాయి.

దాంతో పాటు పాత నోటుపుస్తకాలను, స్లిప్ టెస్టు కాగితాలను ఇంటికి తెచ్చుకుని నెమ్మదిగా చదివాను. సెప్టెంబరు నాటి ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. కైలాసగిరికి విహారయాత్రకు వెళ్ళే పిల్లలు 130 మంది, ఒక్కో బస్సులో 40 మంది కూర్చోవచ్చు, ఎన్ని బస్సులు కావాలి అన్నది ప్రశ్న. తరగతిలో చాలామంది భాగించి, మూడు వచ్చి పది మిగిలితే, మూడు అని రాసేశారు. పాప నాలుగు అని రాసి, పక్కన ‘10 మంది మిగిలారు, వాళ్ళకీ బస్సు కావాలి’ అని రాసింది. పేజీ చివర, మార్జిను బయట, పెన్సిలుతో చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: ‘టీచర్లను కూడా లెక్కించాలా?’

ఆ ప్రశ్న మీదుగానే నా ఎర్ర పెన్ను టిక్కు వెళ్ళింది. నేను చూడలేదు.

అక్కడి నుంచి వెతికితే జూలై నుంచి నవంబరు మొదటి వారం వరకు అలాంటి చిన్న ప్రశ్నలు పదకొండు దొరికాయి. పుల్లల పద్ధతి మొదలైన తర్వాత రెండు వారాల పాటు ఒక్కటీ లేదు. పైన చెప్పిన మార్పు ఇదే. నాలుగు నెలలుగా ఆ పాప నాతో తరగతిలో మాట్లాడుతూనే ఉంది, నేను జవాబు చెప్పలేదు. ఆ పైన తనకు రాని పద్ధతిలో మాట్లాడమని నిలబెట్టాను.

ఇక తొమ్మిది మార్కుల సంగతి. ఆ స్లిప్ టెస్టులో ఐదు లెక్కలు ఉన్నాయి. మొదటి రెండు పూర్తిగా సరి. మొదటిది 738ని 6తో భాగించడం. జవాబు 123 అని రాసి, పక్కన 123ను 6తో గుణించి 738 వచ్చిందని చూసుకుని, చిన్న గీత గీసింది. మూడోది 1836ను 6తో భాగించడం. అక్కడ కాగితం పలచబడి దాదాపు చిరిగిపోయింది, అంతగా రబ్బరుతో చెరిపింది. చెరిపిన దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కనిపించింది. జవాబు 36 అని రాసింది. పద్ధతి ప్రకారం 36ను 6తో గుణించింది, 216 వచ్చింది. 1836 కాలేదు కాబట్టి తప్పని తెలిసి చెరిపింది. మళ్ళీ చేసింది, మళ్ళీ 36 వచ్చింది, మళ్ళీ చెరిపింది. నాలుగు, ఐదు లెక్కలు ముట్టుకోలేదు.

జరిగింది ఇది. పద్దెనిమిదిలో ఆరు మూడుసార్లు పోయాక, మూడు దించితే అందులో ఆరు పోదు. అక్కడ జవాబులో సున్నా వేసి, తర్వాత ఆరు దించి 36 చేసుకోవాలి. ఆ సున్నా వదిలేస్తే 306 కాస్తా 36 అవుతుంది. నాలుగో తరగతిలో చాలా సాధారణమైన పొరపాటు ఇది, ఆ రోజు తరగతిలో కనీసం పదిమంది చేశారు. వాళ్ళు సరిచూసుకోలేదు కాబట్టి తప్పని తెలియక 36 రాసి ముందుకు వెళ్ళిపోయారు, ఒక్క లెక్కకే మార్కులు పోయాయి. ఈ పాప సరిచూసుకుంది కాబట్టి తప్పని తెలిసింది, ఎక్కడ తప్పో తెలియలేదు, అడగలేకపోయింది, వదిలి వెళ్ళలేకపోయింది. మూడు లెక్కలు పోయాయి. తనలో ఉన్న అతి మంచి అలవాటే ఇతరులకంటే ఎక్కువ నష్టం తెచ్చింది.

వ్యాఖ్యలో రాయవలసిన బలం, తర్వాతి అడుగు రెండూ ఈ ఒక్క కాగితంలోనే ఉన్నాయి, అవి రెండూ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. పాపకు కావలసింది ‘ఎక్కువ మాట్లాడటం’ కాదు. ఆగిపోయినప్పుడు సహాయం అడగడానికి ఒక దారి, ఆ సహాయం వచ్చేలోగా ముందుకు వెళ్ళే అలవాటు.

పని చేసినది

మొదట తరగతిలో మూడు మార్పులు చేశాను, కార్డు తర్వాత రాశాను. కార్డులో చెప్పబోయే అడుగును బడిలో ముందే మొదలుపెట్టకపోతే అది మళ్ళీ ఇంటివాళ్ళ మీద వేసిన బరువే అవుతుందని దసరా నాడే తెలిసింది.

ఒకటి, పిల్లలందరికీ ఎర్ర అట్టముక్క ఒకటి ఇచ్చాను. ఒక లెక్కను రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే, ఆ లెక్క పక్కన చుక్క పెట్టి, అట్టముక్కను బల్ల అంచున ఉంచి, తర్వాతి లెక్క మొదలుపెట్టాలి. అది చూసి నేనే వాళ్ళ దగ్గరికి వెళ్తాను. పాప ఒక్కదానికే ఇచ్చి ఉంటే అది మరో వేలెత్తి చూపించడం అయ్యేది. రెండోది, నోటుపుస్తకం చివర రాసిన ప్రశ్నలకు అక్కడే రాసి జవాబిచ్చాను. కైలాసగిరి ప్రశ్నకు కూడా, నాలుగు నెలలు ఆలస్యంగా: ‘మంచి ప్రశ్న. నలుగురు టీచర్లు వస్తే 134 మంది. అప్పుడు ఎన్ని బస్సులు?’ మర్నాడు దాని కింద ‘అప్పుడు కూడా 4’ అని ఉంది. మూడోది, భాగస్వామ్యానికి ఇచ్చే పది మార్కులను ఎలా వేస్తున్నానో రాసి పెట్టుకున్నాను. నోటితో చెప్పిన జవాబు, రాసి అడిగిన ప్రశ్న, పక్కవాళ్ళకు లెక్క వివరించడం మూడూ భాగస్వామ్యమే. పాపకు అప్పుడు నాలుగుకు బదులు ఏడు వచ్చాయి. దయతో కలిపిన మార్కులు కావవి, ముందు నేను లెక్కలోకి తీసుకోని పనికి వేసిన మార్కులు.

ఫిబ్రవరి కార్డుకు రాసిన చిత్తుప్రతి ఇది: ‘ప్రతి లెక్కను చేశాక సరిచూసుకుంటుంది. భాగహారంలో జవాబును తిరిగి గుణించి, తప్పు ఉంటే తానే పట్టుకుంటుంది. సందేహాలను పుస్తకంలో ప్రశ్నలుగా రాస్తుంది. ఒక లెక్క దగ్గర ఆగిపోతే అక్కడే ఉండిపోవడం వల్ల చివరి లెక్కలు మిగిలిపోతున్నాయి. రెండుసార్లు ప్రయత్నించాక చుక్క పెట్టి ముందుకు వెళ్ళడం, ఎర్ర అట్టముక్కతో నన్ను పిలవడం నేర్చుకుంటోంది. ఇంట్లో రోజుకు ఒక పేజీ మీలో ఒకరికి చదివి వినిపిస్తే చాలు.’

దీన్ని మా హెడ్మిస్ట్రెస్ గారికి చూపించాను. చదివి, ‘పాప తరగతిలో మాట్లాడదన్న ముక్క ఇందులో ఎక్కడా లేదు కదమ్మా. అది రాయకపోతే నిజం దాచినట్టు కాదా?’ అని అడిగారు. విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా చూడాలని కూడా అంటోందని, మాట్లాడటాన్ని వదిలేస్తే ఆ బాధ్యత నుంచి మనం తప్పుకున్నట్టేనని అన్నారు. నేను మొదట వాదించాను. ఇంటికి వెళ్ళాక ఆవిడ మాటే సరైనదనిపించింది. మాట్లాడటం గురించి రాయకూడదని కాదు, లేనిదాన్ని రాయకూడదు. ఉన్నది ఏమిటో, దాని పక్కన ఉన్న మెట్టు ఏమిటో రాయాలి. అందుకని ఒక వాక్యం చేర్చాను: ‘తన ఆలోచనను నాతో విడిగానూ, పక్కన కూర్చునే స్నేహితురాలితోనూ చెప్తుంది. నలుగురు ఉండే జట్టులో ఒక మాట చెప్పడం తర్వాతి మెట్టు, దానికి జట్టును నేను ఏర్పాటు చేస్తున్నాను.’ కార్డులో మాకిచ్చిన చోటు నాలుగు గీతలే. సరిపోక ఒక తెల్లకాగితం మీద రాసి అంటించాను.

కార్డు ఇంటికి పంపే ముందు దాన్ని పాపకు చదివి వినిపించాను. మిగతావాళ్ళు ఆటలకు వెళ్ళాక, ఇద్దరమే కూర్చుని ఉన్నాం. అంతా విన్నది. తర్వాత ‘చివరి లెక్కలు మిగిలిపోతున్నాయి’ అన్న చోట వేలు పెట్టి, ‘అన్నిసార్లూ కాదు’ అంది. నిజమే, ఇంగ్లిషు, ఈవీఎస్ పరీక్షల్లో అన్నీ పూర్తి చేసింది. ‘లెక్కల స్లిప్ టెస్టులో కొన్నిసార్లు’ అని మార్చాను. తన గురించి రాసిన వాక్యాన్ని ఆధారంతో సరిదిద్దిన ఆ పిల్లను తరగతిలో భాగస్వామ్యం లేని పిల్ల అని నేను నాలుగు మార్కులు వేశానన్నది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

ఈ చిత్తులో ‘కానీ’ లేదు, కావాలనే తీసేశాను. బలం తర్వాత ‘కానీ’ వస్తే చదివేవాళ్ళు బలాన్ని వదిలేస్తారని అమ్మ నాకు నేర్పారు. ‘నెమ్మది’, ‘సిగ్గరి’, ‘మౌనంగా ఉంటుంది’ అన్న మాటలు కూడా లేవు. ఇవి స్వభావానికి పెట్టే పేర్లు, పాప మార్చుకోగలిగేవి కావు. ప్రతి బలం పక్కనా దాన్ని కళ్ళతో చూసి పోల్చుకోగలిగే పని ఉంది. అందుకే అమ్మ ఆ కాగితాన్ని అన్నయ్య చేత కాకుండా తానే చదువుకుని, పుస్తకం తెరిచి గుణించి చూసుకున్న చోట్లను వెతుక్కోగలిగారు. మర్నాడు గేటు దగ్గర ‘నిజంగానే ప్రతి లెక్క పక్కనా చూసుకుంటాది మేడమ్’ అన్నారు. నాన్న ఈసారి పద్యం చెప్పమనలేదు. రాత్రి భోజనాలయ్యాక తనకు ఒక పేజీ చదివి వినిపించమని అడిగేవారట.

ఫలితాలు, వాటి హద్దులు

చివరి ఎఫ్ఏ స్లిప్ టెస్టులో పాప ఐదింటిలో నాలుగు లెక్కలు పూర్తి చేసింది, ఒకదాని పక్కన చుక్క పెట్టింది. ఇరవైకి పదహారు వచ్చాయి. ఇది అట్టముక్క వల్లే అని నేను చెప్పలేను. జవాబులో సున్నా వేసే పాఠాన్ని అదే నెలలో తరగతి అంతటికీ మళ్ళీ చెప్పాను, తరగతి మార్కులన్నీ కొంత పెరిగాయి. పాప వరకు నేను నమ్మకంగా చెప్పగలిగింది చుక్క గురించే. అంతకుముందు ఒక లెక్కను వదిలి ముందుకు వెళ్ళిన ఆనవాలు ఏ కాగితంలోనూ లేదు.

జట్టు విషయంలో మొదటి రెండు వారాలు ఏమీ జరగలేదు. పాపను, తన స్నేహితురాలిని, నోటిమాట తక్కువైన మరో ఇద్దరిని కలిపి కూర్చోబెట్టాను. గట్టిగా మాట్లాడే పిల్లలతో కలిపితే వాళ్ళే పాప తరఫున చెప్పేస్తున్నారని అంతకుముందు చూశాను. మూడో వారంలో జట్టులోని అబ్బాయి 2412ను 6తో భాగించి 42 అని రాస్తే, పాప వాడి పుస్తకం వైపు వంగి ‘మధ్యలో సున్నా’ అంది. వాడికి వినపడక ఏమన్నావని అడిగితే, ‘మధ్యలో సున్నా పెట్టాలి. గుణించి చూడు’ అని మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పిన మాట పక్క బల్ల దాకా వినిపించింది. ప్రార్థన సమావేశంలో గానీ, తరగతి అంతటి ముందు గానీ ఆ ఏడాది పాప మాట్లాడలేదు. నేను అడగలేదు.

ఇదే పద్ధతిలో ముప్పై నలుగురికీ వ్యాఖ్యలు రాయడం నా వల్ల కాలేదన్నది కూడా చెప్పాలి. ఒక్క పాపకు పది రోజుల పరిశీలన, రెండు సాయంత్రాల కాగితాలు పట్టాయి. మరుసటి ఏడాది నుంచి టర్ముకు ఐదుగురి చొప్పున, ముందుగా మాట్లాడని వాళ్ళను ఎంచుకుని, ఇలా చేస్తున్నాను. మిగతావాళ్ళ వ్యాఖ్యలకు కనీసం ఒక కాగితం ముందు పెట్టుకుని, అందులోని ఒక పనిని పేరు పెట్టి రాస్తున్నాను. కాగితం ముందు లేకుండా రాసిన వ్యాఖ్యలన్నీ చివరకు ‘మంచి పాప’, ‘చురుకైన బాబు’ దగ్గరే ఆగుతున్నాయి.

ఏప్రిల్‌లో ఐదో తరగతి టీచరుకు ఆ పాప పుస్తకంతో పాటు ఇచ్చిన చీటీలో ఇలా రాశాను: ‘ఈ పాప ప్రశ్నలు పేజీ చివర, మార్జిను బయట, పెన్సిలుతో ఉంటాయి. టిక్కు పెట్టే ముందు అక్కడ చూడండి. జవాబు అక్కడే రాస్తే మర్నాటికి ఇంకో ప్రశ్న వస్తుంది. తరగతి ముందు నిలబెట్టి అడిగితే రెండు వారాలు రాయదు.’